ఊరి స్కూలు సారు ఇచ్చే రికమండేషన్ లెటర్: ఇంగ్లీషు ఎవరు రాయాలి?

ప్రశ్న: నేను బెంగళూరులో జాబ్ చేస్తున్నాను. అమెరికాలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ఎంఎస్‌కి అప్లై చేస్తున్నా. మూడో రికమండేషన్ లెటర్ మా ఊరి జడ్పీ హైస్కూల్ సైన్స్ సారు దగ్గర తీసుకోవాలని ఉంది. సారుకి ఇంగ్లీషులో లెటర్లు రాసే అలవాటు లేదు. "నువ్వే రాసుకురా, సంతకం పెడతా" అన్నారు. అలా చేయొచ్చా? డెడ్‌లైన్ డిసెంబర్ 15.

సమాధానం:

సారు లెటర్ తీసుకోండి, కానీ మూడోదిగా మాత్రమే. డ్రాఫ్ట్ మాత్రం మీరు రాయకండి. సారు తెలుగులో చెప్పాలి. అదే స్కూల్లో ఇంగ్లీషు చెప్పే టీచర్ దాన్ని ఇంగ్లీషులో రాయాలి. రాసింది సారుకి తెలుగులో చదివి వినిపించాలి. ఆయన సరేనన్నాక తన సొంత మెయిల్‌కి వచ్చిన లింకులో ఆయనే అప్‌లోడ్ చేయాలి. ఇందులో మీరు ఇవ్వాల్సింది ఒక్క కాగితం, దాని సంగతి కింద చెప్తాను.

నేను బెంగళూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చాలా ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చే పిల్లలు మా దగ్గర ఎక్కువే. సెప్టెంబర్ వచ్చిందంటే లెటర్ల కోసం స్టాఫ్ రూమ్ ముందు క్యూ కడతారు. అందుకే ఈ విషయంలో ఏది నడుస్తుందో, ఏది బెడిసికొడుతుందో చూస్తూనే ఉన్నాను.

ముందు, మూడోది మాత్రమే అని ఎందుకన్నానంటే. ఎంఎస్ అడ్మిషన్ కమిటీ లెటర్లలో వెతికేది ఒక్కటే: ఈ అభ్యర్థి పై చదువు, రీసెర్చ్ తట్టుకోగలడా లేదా. దానికి జవాబు చెప్పగలిగేది మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ గైడ్, మీకు కోర్ సబ్జెక్ట్ చెప్పిన లెక్చరర్, ఉద్యోగంలో మీ పని దగ్గరనుంచి చూసిన మేనేజర్. పదో తరగతిలో మిమ్మల్ని చూసిన సారు ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పలేరు. కాబట్టి గైడ్ లెటర్ స్థానంలో ఈ లెటర్ పెడితే, "కాలేజీలో ఇతని గురించి చెప్పేవాళ్లు ఎవరూ లేరా?" అన్న అనుమానం వస్తుంది. రెండు గట్టి లెటర్లు పక్కన ఉన్నప్పుడు మాత్రం, వాటిలో లేనిది ఏదైనా చెప్పగలిగితే ఇది పనికొస్తుంది. ప్రతి ప్రోగ్రామ్ పేజీలో రికమండర్ల గురించి రాసింది చదవండి. కొన్ని చోట్ల యూనివర్సిటీ స్థాయి అధ్యాపకులే ఉండాలని ఉంటుంది. అక్కడ ఈ ఆలోచన వదిలేయండి.

మీ సారు లెటర్ పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి. స్కూలు వదిలాక కూడా, మీరు చదవబోయే సబ్జెక్ట్‌కి సంబంధించిన పని ఏదైనా ఆయన కళ్ల ముందు చేశారా? చేసి ఉంటే మంచిది. లేదంటే లెటర్లో "మంచివాడు, కష్టపడతాడు" తప్ప ఏమీ మిగలదు.

ఇక మీరే రాస్తే ఏమవుతుంది? మన దగ్గర ఇది మామూలు విషయమే, కాలేజీల్లో కూడా సగం మంది "డ్రాఫ్ట్ పట్రా" అంటారు. కానీ అవతలి వాళ్లు అడిగేది రికమండర్ సొంత అభిప్రాయం. కొన్ని ఫారాల్లో ఈ లెటర్లో ఉన్నది నా సొంత మాటే అని రికమండర్ ధ్రువీకరించాలి. మీరు రాసిన దాని మీద సారు ఆ టిక్ పెడితే ఆయన చేత అబద్ధం చెప్పించినట్టే. బయటపడితే అప్లికేషన్ కొట్టేస్తారు, అడ్మిషన్ ఇచ్చాక బయటపడితే దాన్నీ వెనక్కి తీసుకోవచ్చు.

బయటపడటం కష్టమేమీ కాదు. మీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, మీ లెటర్లు ఒకే ఫైల్లో, ఒకే మనిషి, ఒకే పూట చదువుతాడు. రెండింట్లో ఒకేలాంటి వాక్యాలు, అవే విశేషణాలు, కామా పెట్టే తీరు కూడా ఒకటే అయితే ఇట్టే దొరికిపోతుంది. నా దగ్గరికి పిల్లలు తెచ్చే డ్రాఫ్టుల్లో పేరు మూసేసి చదివినా, ఏవి ఒకే కన్సల్టెన్సీ నుంచి వచ్చాయో చెప్పగలను. అన్నీ "అపారమైన సంతోషంతో" మొదలవుతాయి, అన్నింట్లో ఆ విద్యార్థి క్లాసుకే తలమానికం. పల్లెటూరి సైన్స్ సారు పేరు మీద అలాంటి ఇంగ్లీషు వెళ్తే ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది.

దీనికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. మీలో ఏది చెప్పుకోదగ్గదని మీరు అనుకుంటారో, సారు గుర్తుపెట్టుకున్నది అది కాకపోవచ్చు. మీరు రాస్తే మీరు అనుకున్నదే రాస్తారు. అది ఎలాగూ మీ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. అలాంటప్పుడు మూడో లెటర్ ఎందుకు?

ఒక ఉదాహరణ చెప్తాను. ఈ మధ్య మా దగ్గర సివిల్ చదివిన ఒకబ్బాయిది కదిరి దగ్గర పల్లె. అతనూ మీ కోర్సుకే అప్లై చేశాడు. ఒక లెటర్ నాది, ఒకటి అతని ప్రాజెక్ట్ గైడ్‌ది, మూడోది వాళ్ల ఊరి ఫిజికల్ సైన్స్ సారుది. మొదట అతనూ డ్రాఫ్ట్ తానే రాసుకుంటానన్నాడు. వద్దని చెప్పి, ఆ స్కూల్లోనే ఇంగ్లీషు చెప్పే మేడంకి ఈ పని అప్పజెప్పమని సారునే అడగమన్నాను. మేడం నాకు ఫోన్ చేసి, "సారు చెప్పినదంతా రాశాను, కానీ అరపేజీ కూడా రాలేదు సార్" అన్నారు.

ఏం చెప్పారని అడిగితే: అబ్బాయి బుద్ధిమంతుడు, పెద్దలంటే గౌరవం, చదువులో ఫస్ట్, మా స్కూలుకి పేరు తెచ్చాడు. అన్నీ నిజమే, ఇంకో వెయ్యిమందికీ సరిపోతాయి. సార్‌ని గుణాలు అడగొద్దు, సంగతులు అడగండి అన్నాను. ఆమెకు ఇచ్చిన ప్రశ్నలు ఇవి: మీరు చెప్పకుండా వాడంతట వాడే చేసింది ఏమైనా ఉందా? మీతో ఎప్పుడైనా విభేదించాడా? ఏదైనా తప్పితే ఏం చేశాడు? స్కూలు అయిపోయాక మళ్లీ మీ దగ్గరికి దేనికొచ్చాడు?

మరుసటి రోజు కథ మొత్తం బయటికొచ్చింది. అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఇన్‌స్పైర్ అవార్డ్ కింద వచ్చిన పదివేల రూపాయలతో ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పరీక్షించే ప్రాజెక్ట్ చేశారు. కిట్‌లో నీళ్లు పోసి రీఏజెంట్ కలిపితే ఒక రంగు వస్తుంది. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఆ రంగు ఎరుపు నుంచి పసుపు వైపు తిరుగుతుంది. దాన్ని కార్డు మీది రంగులతో పోల్చి అంకె చెప్పాలి. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఈ రెండింటి మధ్యే కార్డు మీద రంగులు దగ్గరదగ్గరగా ఉండి కన్ను మోసపోతుంది.

ఒకే సీసా నీళ్లకు ఇద్దరు పిల్లలు రెండు అంకెలు చెప్పారు. సారు "ఎక్కువదే రాయండి, జాగ్రత్త మంచిది" అన్నారు. ఈ అబ్బాయి ఒప్పుకోలేదు. ఒకడు క్లాసులో ట్యూబ్‌లైటు కింద చూశాడు, ఇంకొకడు వరండాలో చూశాడు, అందుకే తేడా వచ్చింది అన్నాడు. ఆ తర్వాత అన్ని సీసాలూ వరండా నీడలోనే, ఇద్దరు విడివిడిగా చూసి, ఒకరికొకరు చెప్పుకోకుండా కాగితం మీద రాసేలా పద్ధతి పెట్టాడు. రెండూ కలవకపోతే ఆ సీసా మళ్లీ మొదటినుంచి. "నేను నేర్పలేదు మేడం, వాడే కనిపెట్టాడు" అని సారు చెప్పారట.

ఇంకా ఉంది. బీటెక్ మూడో ఏడాది సెలవుల్లో అతను ఊరికెళ్లి అవే బోర్ల నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పట్టి బెంగళూరు తెచ్చాడు. కాలేజీ ల్యాబ్‌లో ఎలక్ట్రోడ్ పెట్టి కొలిచి, పాత అంకెలు ఒకవైపు, కొత్తవి ఒకవైపు వేసి, తాము స్కూల్లో ఎక్కడ తక్కువ చూపించామో టేబుల్ వేసి సారుకి ఇచ్చాడు. ఆ టేబుల్ సారు పదో తరగతి గదిలో గోడకి అంటించారు. ఈ సంగతి అబ్బాయి తన స్టేట్‌మెంట్‌లో ఒక్క ముక్క కూడా రాయలేదు. స్కూలు ప్రాజెక్ట్ కదా, చిన్నతనంగా ఉంటుందనుకున్నాడట! నాకూ, గైడ్‌కీ కూడా తెలియదు. అతను డ్రాఫ్ట్ రాసుకుని ఉంటే ఇది ఎక్కడా వచ్చేది కాదు.

లెటర్ ఎలా కట్టారంటే. ఒక పేజీ, నాలుగు పేరాలు. మొదటి పేరాలో సారు ఎవరు, ఏ స్కూలు, అబ్బాయిని ఎన్నేళ్లు చూశారు, ఏ సబ్జెక్ట్ చెప్పారు. జిల్లా పరిషత్ హైస్కూల్ అంటే ఏంటో విదేశాల్లో తెలియదు కాబట్టి, ఇది ప్రభుత్వం నడిపే తెలుగు మీడియం పల్లెటూరి స్కూలు అని ఒకే వాక్యం. ఇన్‌స్పైర్ అవార్డ్ పేరు వచ్చిన చోట, అది స్కూలు పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రప్రభుత్వం ఇచ్చే గ్రాంట్ అని ఒక ముక్క. రెండో పేరా మొత్తం ఆ రెండు అంకెల గొడవ. సారు ఎక్కువ అంకె రాయమన్నారన్నది కూడా అలాగే ఉంచారు. తీసేద్దామా అని మేడం అడిగారట, సారే వద్దన్నారు. మూడో పేరా బీటెక్‌లో మళ్లీ కొలిచిన సంగతి.

నాలుగో పేరా నాకు బాగా నచ్చింది. ఇంజనీరింగ్ చదువులో ఇతను ఎలా ఉన్నాడో నేను చెప్పలేను, అది కాలేజీవాళ్లు చెప్పాలి, నేను చూసింది ఇంతే అని సారు సూటిగా అన్నారు. తనకు తెలిసినంతవరకే చెప్పి ఆగినవాళ్ల మాటకు విలువ పెరుగుతుంది.

చివర ఒక వాక్యం తప్పనిసరిగా పెట్టించాను: ఈ లెటర్ నేను తెలుగులో చెప్పగా, మా స్కూల్ ఇంగ్లీషు టీచర్ ఇంగ్లీషులో రాశారు, తెలుగులో విని సరిచూసుకున్నాను. ఆ వాక్యం ఉంటే దాచడానికి ఏమీ ఉండదు. రేపు యూనివర్సిటీవాళ్లు సారుకి ఫోన్ చేసి, ఆయన ఇంగ్లీషులో తడబడినా ఎవరూ అనుమానించరు. తెలుగు ఒరిజినల్ కావాలనే ప్రోగ్రామ్ అయితే సారు తెలుగులో రాసి సంతకం చేసిన పేజీ, దాని వెనుక ఇంగ్లీషు అనువాదం కలిపి ఒకే పీడీఎఫ్ చేయాలి. అప్‌లోడ్‌కి సాధారణంగా ఒక్క ఫైలే తీసుకుంటుంది. సర్టిఫైడ్ అనువాదమే కావాలా, టీచర్ రాసింది చాలా అని అడ్మిషన్ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టి అడగండి. ఆ మెయిల్ మీరే పెట్టొచ్చు, తప్పేమీ లేదు. అనువాదం మాత్రం మీరు గానీ మీ అన్నయ్య గానీ చేయకూడదు.

పేదరికం, నాన్న వ్యవసాయం, అప్పులు ఇవేవీ ఈ లెటర్లో వద్దు. మన సార్లకు ఇవి చెప్పాలనిపిస్తుంది, ప్రేమకొద్దీ చెప్తారు. చెప్పుకోదగ్గవే, కానీ వాటికి చోటు వేరు. కొన్ని యూనివర్సిటీలు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని విడిగా అడుగుతాయి, అక్కడ మీరే రాసుకోండి.

పోర్టల్ దగ్గర జరిగే పొరపాట్లు. అన్నింటికంటే ప్రమాదకరమైనది, సారు పేరు మీద మీరే ఒక కొత్త జీమెయిల్ తెరిచి, లింక్ దానికే తెప్పించుకుని, ఫారం మీరే నింపడం. "సారుకి మెయిల్ చూడటం రాదు కదా" అని చాలామంది చేసే పని ఇదే. ఇది నేరుగా మోసం కిందికే వస్తుంది, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా. సారు ఫోన్లో ఆయన వాడే మెయిల్ ఏదో ఒకటి ఉంటుంది. దానికే లింక్ పంపండి. స్పామ్‌లో పడొచ్చు, ఆ సాయంత్రం ఫోన్ చేసి చూసుకోమని చెప్పండి. పక్కన కూర్చుని చూపించే పని ఇంగ్లీషు టీచరో, ఆయన కొడుకో, కూతురో చేయాలి, మీరు కాదు.

జీమెయిల్ అయితే ఒప్పుకోరా అని టెన్షన్ పడకండి. జడ్పీ స్కూలు టీచర్లకు సంస్థ మెయిల్ ఉండదు. దాని లోటు లెటర్‌హెడ్‌తో తీరుతుంది. హెడ్‌మాస్టర్ అనుమతితో స్కూలు లెటర్‌హెడ్ వాడి, స్కూలు పూర్తి చిరునామా, 11 అంకెల యూడైస్ కోడ్, సారు హోదా, +91తో ఫోన్ నంబర్ వేయించాలి. హోదా ఉన్నది ఉన్నట్టే, స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్ అని. "అసిస్టెంట్" అన్న మాట చిన్నదిగా ఉందని కొందరు ప్రొఫెసర్ అని మార్చేస్తారు, అది అబద్ధం. సారుకి ట్రాన్స్‌ఫర్ అయి ఉంటే పాత స్కూలు లెటర్‌హెడ్ వాడొద్దు. ఇప్పటి స్కూలు లెటర్‌హెడ్ మీద, ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా ఆ స్కూల్లో ఇతనికి చెప్పాను అని రాయాలి. రిటైరై ఉంటే తెల్లకాగితం మీద, రిటైరయ్యానని చెప్పి రాస్తే చాలు.

లింక్ పంపే ముందు మీ పోర్టల్లో ఒక ప్రశ్న వస్తుంది: ఈ లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని. అమెరికాలో 1974 నాటి FERPA చట్టం వల్ల చేరిన విద్యార్థికి తన రికార్డులు చూసే హక్కు ఉంటుంది, అందుకే అడుగుతారు. వదులుకోవడమే మంచిది, మీ ముందు మొహమాటపడి రాసిన లెటర్ కాదని చదివేవాళ్లకు నమ్మకం. ఒకసారి వదులుకున్నాక లెటర్ చూపించమని సారుని అడగకండి. మన సార్లు వాట్సాప్‌లో వాళ్లే పంపేస్తారు, కాబట్టి పంపొద్దని ముందే చెప్పండి.

లెటర్‌తో పాటు ఒక రేటింగ్ పట్టిక కూడా ఉంటుంది. రీసెర్చ్ సామర్థ్యం, రాత, మాట, జట్టుతో పని ఇలా ఒక్కో వరుసకీ మొదటి 5 శాతమా, 10 శాతమా అని టిక్ పెట్టాలి. మనవాళ్ల చేయి అన్నింటికీ పై గడి మీదకే పోతుంది. లెటర్లోనేమో ఇంజనీరింగ్ చదువు గురించి చెప్పలేనంటారు, పట్టికలో రీసెర్చ్‌లో మొదటి 5 శాతం అంటారు, రెండూ పొసగవు. తెలియని వరుసల్లో "No basis for judgment" లాంటి గడి ఉంటుంది, అది పెట్టొచ్చని, పెడితే మీకు నష్టం లేదని పక్కన కూర్చునేవాళ్ల చేత సారుకి చెప్పించండి. తెలిసిన వరుసల్లో ఎవరితో పోల్చి చెప్తున్నారో లెటర్లో ఉండాలి: నేను ఇన్నేళ్లుగా చెప్పిన హైస్కూలు పిల్లల్లో అని.

మీరు ఇవ్వాల్సిన ఆ ఒక్క కాగితం ఇదీ. మీ పూర్తి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు, ఆ స్కూల్లో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చదివారు, ఆ తర్వాత ఎక్కడ చదివారు, ఇప్పుడేం చేస్తున్నారు, ఏ కోర్సుకి ఏ యూనివర్సిటీలకి పెడుతున్నారు, ఒక్కోదాని ఆఖరి తేదీ. ఇవి తెలుగులోనే రాయండి. సారుతో కలిసి చేసిన పనులు ఉంటే తేదీలతో పేర్లు మాత్రం గుర్తుచేయండి, వర్ణించకండి. లెటర్లోకి ఎత్తి పెట్టుకోదగ్గ వాక్యం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

యూనివర్సిటీకో లింక్ వస్తుందని మరిచిపోకండి. ఎనిమిది చోట్ల పెడితే సారు ఎనిమిది ఫారాలు నింపాలి, ఒక్కోదానికి ఒక్కో రకం ప్రశ్నలు. ఆ అబ్బాయి సారు లెటర్ మూడు చోట్లకే వాడాడు, తాగునీటి మీద పనిచేసే ప్రొఫెసర్లు ఉన్న చోట్లకి. మిగతా వాటికి మేనేజర్ లెటర్. మీరూ అలా వడకట్టండి. నవంబర్ మొదటి వారంలోనే ఊరెళ్లి సారుని, ఇంగ్లీషు టీచర్ని కలిసి మాట్లాడండి. డిసెంబర్‌లో వాళ్లకు పరీక్షల పేపర్లు దిద్దే పని ఉండొచ్చు. మీ డెడ్‌లైన్ 15 అయితే సారుకి 5 అని చెప్పండి. అప్‌లోడ్ అయిందో లేదో మీ పోర్టల్లోనే కనిపిస్తుంది, ఆయన్ని పదేపదే అడగక్కర్లేదు.

స్కూలు వదిలాక సారుతో మీరు చేసిన పని ఏదీ లేదని తేలితే మూడో లెటర్ మీ మేనేజర్ దగ్గరే తీసుకోండి. అప్పుడు ఆ స్కూలు రోజుల సంగతి ఏదైనా మీ కోర్సుకి పనికొచ్చేది ఉంటే స్టేట్‌మెంట్‌లో ఒక పేరాగా, సారు ప్రస్తావనతో మీరే రాసుకోవచ్చు.